సంక్షిప్తీకరణలో పారిభాషిక పదం: సిద్దిపేట చెరువు పత్రాల భాషపై ఒక వాదం

తెలుగు తరగతి గదుల్లో సంక్షిప్తీకరణకు రెండు నియమాలు చెప్పడం ఆనవాయితీ. మూలాన్ని మూడోవంతుకు తగ్గించాలన్నది మొదటిది. మూలంలోని మాటలు తిరిగి రాయకుండా సొంత మాటల్లో చెప్పాలన్నది రెండోది. ఈ రెండూ ఆంగ్ల పాఠశాలల అభ్యాసం నుంచి వచ్చి తెలుగు ప్రశ్నపత్రాల్లో స్థిరపడ్డాయి. కథనాత్మక గద్యానికి, ఉపన్యాసానికి, జీవితచరిత్రకు ఇవి చాలావరకు సరిపోతాయి. తెలుగూ ఆంగ్లమూ కలిసిన సాంకేతిక పత్రం ముందుకు వచ్చినప్పుడు మాత్రం ఈ రెండు నియమాలే తప్పులకు మూలమవుతున్నాయి. అయినా ఆ తప్పులను దిద్దేవారు నియమాలను తప్పు పట్టడం లేదు. సారాంశంలో ఆంగ్ల పదాలు మిగిలాయని విద్యార్థినే తప్పు పడుతున్నారు.

ఆంగ్ల పారిభాషిక పదాన్ని సంక్షిప్తీకర్త మార్చకూడదు. అది తెలుగు మీద చిన్నచూపు వల్ల చెప్పే మాట కాదు. సంక్షిప్తీకరణ, అనువాదం, పదకల్పన అనే మూడు పనులు వేరువేరు. మూడింటినీ ఒకే చేతితో, ఒకే వాక్యంలో చేయబోవడం వల్ల అర్థం చెడుతున్నది. ఇది ఎంత దూరం పోతుందో సిద్దిపేట ప్రాంతపు చెరువు పత్రాల భాషలో స్పష్టంగా కనిపిస్తుంది.

2016 అక్టోబరు 11న ఏర్పడిన సిద్దిపేట జిల్లాలో పాత మెదక్ జిల్లా భాగాలతో పాటు కరీంనగర్ నుంచి హుస్నాబాద్ వైపు, వరంగల్ నుంచి చేర్యాల వైపు ప్రాంతాలు వచ్చి చేరాయి. ఈ మూడూ పూర్వపు హైదరాబాద్ రాజ్యంలోనివే కనుక రెవెన్యూ మాటలు ఒకటే. ఇది ప్రధానంగా చెరువుల సీమ. పట్టణం నడుమ కోమటి చెరువు ఉంది, ఊళ్లలో గొలుసుకట్టు చెరువులున్నాయి. 2015లో మిషన్ కాకతీయ మొదలైన తర్వాత ఈ చెరువుల గురించి రాసిన కాగితం విపరీతంగా పెరిగింది. ఆ కాగితం భాషలో మూడు పొరలు కనిపిస్తాయి. మత్తడి, తూము, కట్ట, పూడిక, ఆయకట్టు అనేవి ఊరి పొర. శిఖం, పట్టా, తరి, ఖుష్కీ, పహాణీ అనేవి నిజాం కాలపు రెవెన్యూ పొర. ఫుల్ ట్యాంక్ లెవెల్, వాటర్ స్ప్రెడ్ ఏరియా, బఫర్ జోన్ అనేవి ఇంజనీరింగు పొర. మిశ్రభాష అంటే తెలుగు, ఆంగ్లం అన్న రెండే ముక్కలని అనుకోవడం తొలి పొరపాటు.

ఈ పదాల మధ్య సంబంధం తెలియకపోతే తర్వాతి చర్చ అర్థం కాదు. చెరువులో నీరు మత్తడి అంచు దాకా నిలిచినప్పుడు ఉండే మట్టం ఫుల్ ట్యాంక్ లెవెల్. పొడి అక్షరాల్లో దాన్నే ఎఫ్.టి.ఎల్. అంటారు. ఆ మట్టంలో నీరు పరచుకునే విస్తీర్ణం వాటర్ స్ప్రెడ్ ఏరియా. భారీ వర్షానికి పైనుంచి వరద వచ్చినప్పుడు నీరు మత్తడి మీదుగా కొంత ఎత్తున దూకుతుంది, అప్పుడు చెరువులో మట్టం ఎఫ్.టి.ఎల్. కంటే పైకి లేస్తుంది. ఆ పై హద్దు మాగ్జిమం వాటర్ లెవెల్. అంటే 'ఫుల్' వేరు, 'మాగ్జిమం' వేరు. నిండిన తర్వాత కూడా మట్టం పెరుగుతుంది. శిఖం ఇంజనీరు కొలిచేది కాదు, రెవెన్యూ లెక్కలో చెరువు గర్భంగా రాసి ఉన్న భూమి. ఫార్సీలో ఆ మాటకు కడుపు అని అర్థం, చెరువు కడుపు అన్నమాట. శిఖంలో కొంత భాగానికి పట్టా కూడా ఉండవచ్చు. దాన్ని శిఖం పట్టా అంటారు. నీరు దిగినప్పుడు ఆ పట్టాదారు సాగు చేసుకుంటాడు. ఇక ఆయకట్టు చెరువుకు దిగువన పారే భూమి. శిఖం మునిగేది, ఆయకట్టు తడిసేది.

బఫర్ జోన్ చట్టం నుంచి వచ్చిన మాట. 2012 నాటి భవన నిర్మాణ నియమాల ఉత్తర్వు 168 ప్రకారం 10 హెక్టార్లు లేదా అంతకు మించిన చెరువు హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువుకు 9 మీటర్లు కట్టడం లేకుండా వదలాలి. 10 హెక్టార్లంటే దాదాపు 25 ఎకరాలు. ఆ జోన్‌లో పడిన భూమి యజమానిది యజమానికే ఉంటుంది, కట్టడానికి మాత్రం వీలుండదు. పదం మారితే ఎవరికో భూమి మారుతుందనడం ఇక్కడ అలంకారం కాదు.

ఇలాంటి పత్రాల తీరులో కూర్చిన ఒక ఖండికను పరిశీలించవచ్చు. ఇది ఏ ఒక్క ఊరి చెరువుకూ చెందింది కాదు, అంకెలు ఉదాహరణ కోసం ఎంచుకున్నవి. భాష మాత్రం కార్యాలయాల్లో నడిచేదే.

"గ్రామ చెరువుకు ఇటీవల జాయింట్ సర్వే చేయడం జరిగింది. ఈ సర్వేలో మెయిన్‌గా కొన్ని విషయాలు ఐడెంటిఫై చేశారు. ఫుల్ ట్యాంక్ లెవెల్, అంటే మత్తడి అంచు దాకా నీరు నిలిచినప్పుడు, చెరువు వాటర్ స్ప్రెడ్ ఏరియా 42 ఎకరాలు. రెవెన్యూ రికార్డుల ప్రకారం చూస్తే శిఖం 38 ఎకరాలు మాత్రమే ఉంది, అందులో 6 ఎకరాలు శిఖం పట్టా. కాబట్టి శిఖం బయట ఉన్న 4 ఎకరాల పట్టా భూమి కూడా ఎఫ్.టి.ఎల్. లోపలికి వస్తున్నట్టు క్లియర్‌గా తెలుస్తున్నది. మాగ్జిమం వాటర్ లెవెల్ ఎఫ్.టి.ఎల్. కంటే 0.6 మీటర్లు ఎక్కువ కాబట్టి హెవీ రెయిన్స్ టైంలో ఇంకా కొంత భూమి టెంపరరీగా మునిగే ఛాన్స్ ఉంది. ఎఫ్.టి.ఎల్. బౌండరీ నుంచి 30 మీటర్లు బఫర్ జోన్‌గా ప్రపోజ్ చేశారు. బఫర్ జోన్‌లో ఉన్న భూమికి పట్టా హక్కు పోదు, కానీ కన్‌స్ట్రక్షన్‌కు పర్మిషన్ ఇవ్వరు. చెరువు ఆయకట్టు 110 ఎకరాలు. ఎవరికైనా అబ్జెక్షన్స్ ఉంటే 15 రోజుల్లోగా ఇవ్వాలని కోరడం జరిగింది."

ఇందులో 108 మాటలున్నాయి. మూడోవంతు అంటే 36. సొంత మాటలు, మూడోవంతు అనే రెండు నియమాలనూ తు.చ. తప్పకుండా పాటిస్తే సారాంశం ఇలా ఉంటుంది:

"చెరువును కొలవగా నిండుమట్టంలో చెరువు భూమి 42 ఎకరాలని, అందులో పట్టాదారులది 10 ఎకరాలని తేలింది. గరిష్ఠమట్టం దానికి 0.6 మీటర్లు పైన. చెరువు హద్దు నుంచి 30 మీటర్లు రక్షిత ప్రాంతం. అందులో కట్టడాలు నిషిద్ధం. చెరువు కింది భూమి 110 ఎకరాలు. అభ్యంతరాలు 15 రోజుల్లో తెలపాలి."

సరిగ్గా 36 మాటలు. ఆంగ్లం దాదాపు లేదు, వాక్యాలు సాఫీగా ఉన్నాయి. మూల్యాంకనంలో దీనికి మంచి మార్కులే పడతాయి. కాని ఇందులో చాలా వాక్యాలు ఏదో ఒక చోట తప్పాయి.

మొదటి వాక్యంలో వాటర్ స్ప్రెడ్ ఏరియా 'చెరువు భూమి' అయింది. నీరు ఎంత మేర పరచుకుంటుందన్నది ఒక కొలత. చెరువు భూమి అనగానే అది యాజమాన్యం మాట అవుతుంది. 42 ఎకరాల మేర నీరు నిలుస్తుందని సర్వే చెప్పింది, 42 ఎకరాలూ చెరువుదని చెప్పలేదు. రెవెన్యూ రికార్డు చెరువు గర్భంగా చూపేది 38 ఎకరాలే. ఆ తేడా పోవడంతో, శిఖం బయట పట్టా ఉన్న 4 ఎకరాలవాళ్లూ, శిఖం లోపల పట్టా ఉన్న 6 ఎకరాలవాళ్లూ కలిసి '10 ఎకరాల పట్టాదారులు' అయ్యారు. కూడిక సరైనదే, కాని ఆ రెండు గుంపుల స్థితి ఒకటి కాదు. శిఖం పట్టాదారు నీరు నిలుస్తుందని తెలిసే ఆ భూమిని పట్టుకుని ఉన్నాడు. మిగతా నాలుగెకరాలవాళ్లకు తమ భూమి ఎఫ్.టి.ఎల్. లోపలికి వస్తుందన్నది ఈ సర్వేతో తెలిసిన కొత్త సంగతి. పదిహేను రోజుల్లో అభ్యంతరం చెప్పుకోవలసిన అవసరం ముందుగా వాళ్లకే ఉంది. సారాంశం చదివితే వాళ్ల ఉనికే కనిపించదు.

రెండో వాక్యంలో 'నిండుమట్టం', 'గరిష్ఠమట్టం' పక్కపక్కన నిలబడ్డాయి. తెలుగు పాఠకుడికి నిండడమే గరిష్ఠం. నిండినదాని కంటే పైన ఇంకో గరిష్ఠం ఉండటం ఏమిటో అంతుపట్టక, ఒకటి అచ్చుతప్పని అనుకుంటాడు. మూలంలో ఉన్న 'మునిగే ఛాన్స్' అనే అనిశ్చితి, 'టెంపరరీగా' అనే కాలపరిమితి కూడా పోయాయి. మూడో వాక్యంలో 'చెరువు హద్దు' ఏ హద్దు? శిఖం హద్దా, ఎఫ్.టి.ఎల్. హద్దా? రెంటి మధ్య ఉన్న నాలుగెకరాల అంచు వెంట 30 మీటర్ల పట్టీ ఎక్కడి నుంచి మొదలవుతుందన్నదే అసలు తగవు. 'రక్షిత ప్రాంతం' అనగానే అడవుల చట్టం గుర్తుకు వచ్చి, భూమిని సర్కారు తీసుకుందేమోనన్న భయం పుడుతుంది. ఆ భయాన్ని తీర్చగల ఒకే ఒక వాక్యం, పట్టా హక్కు పోదన్నది, మాటల లెక్క కోసం బలైంది.

అన్నిటికంటే విచిత్రమైంది ఐదో వాక్యం. ఆయకట్టు తెలుగు మాటే. ఇంజనీర్ల ఆంగ్లం దాన్ని ఇక్కడి భాషల నుంచే తీసుకుంది. అది పారిభాషికంగా ఉండటం చూసి, దాన్ని కూడా 'సొంత మాటల్లో' పెట్టాలనుకుని 'చెరువు కింది భూమి' అని రాశారు. ఊళ్లో ఆ మాట ఆయకట్టునే సూచిస్తుంది, నిజమే. కాని మునక గురించి మాట్లాడుతున్న పేరాలో 'చెరువు కింది' అంటే నీటి కింద అనే అర్థం కూడా వస్తుంది. ఆ వాక్యం చదివి 110 ఎకరాలు మునుగుతాయని ఎవరైనా అనుకుంటే తప్పు చదివినవారిది కాదు.

దీనికి ఎదురుగా మరో రకం సంక్షిప్తీకరణ ఉంది. దాన్ని సమర్థించడం కూడా ఈ వాదం ఉద్దేశం కాదు. ఆంగ్ల పదాలను ఉంచాలి అన్న మాటను పట్టుకుని మెయిన్‌గా, ఐడెంటిఫై, క్లియర్‌గా, ప్రపోజ్, ఛాన్స్ అన్నీ ఉంచేసి, చోటు చాలక ముఖ్యమైన షరతులను కోసేస్తారు. ఆంగ్లంలో ఉన్న ప్రతి మాటా పారిభాషికం కాదు. పై ఖండికలో అలాంటి మాటలు పదమూడు: మెయిన్‌గా, ఐడెంటిఫై, క్లియర్‌గా, హెవీ, రెయిన్స్, టైం, టెంపరరీగా, ఛాన్స్, బౌండరీ, ప్రపోజ్, కన్‌స్ట్రక్షన్, పర్మిషన్, అబ్జెక్షన్స్. ఇవి మాట్లాడే అలవాటు వెంట వచ్చినవి. వీటికి సమానమైన తెలుగు మాట వేస్తే ఏ కొలతా మారదు, ఏ హక్కూ కదలదు.

రెంటినీ వేరు చేయడానికి ఆంగ్లమా తెలుగా అని అడగడం పనికిరాదు. మూడు సంగతులు చూడాలి. ఆ పదానికి పక్కన అంకె ఉందా? ఏదో ఒక చట్టంలో, రిజిస్టరులో, పటంలో ఆ పదమే శీర్షికగా ఉందా? మూలంలో దానికి నిర్వచనం ఇచ్చారా? ఏ ఒక్కదానికి అవునని జవాబు వచ్చినా ఆ పదాన్ని కదపకూడదు, అది ఆంగ్లమైనా, ఫార్సీ అయినా, తెలుగైనా. దీని ప్రకారం బఫర్ జోన్, శిఖం, ఆయకట్టు మూడూ ఒకే హోదాలో నిలుస్తాయి. ఆంగ్ల ధాతువుకు 'చేయు' చేర్చిన క్రియలు సాధారణంగా ఈ పరీక్షలో నిలవవు. ప్రపోజ్ చేశారు అన్నది ప్రతిపాదించారు అయితే నష్టం లేదు. కాని ఇక్కడ కూడా కళ్లు మూసుకుని పోవడానికి లేదు. చెరువు హద్దులకు ప్రిలిమినరీ నోటిఫికేషన్, ఫైనల్ నోటిఫికేషన్ అని రెండు దశలుంటాయి కనుక 'నోటిఫై చేశారు' అన్నదాన్ని 'ప్రకటించారు' అని మార్చితే ఒక చట్టపరమైన చర్య ఒట్టి పత్రికా ప్రకటన అయిపోతుంది. దీనికి ఎదురు ఉదాహరణ డీసిల్టింగ్. దానికి పూడికతీత అనే మాట మిషన్ కాకతీయ తెలుగు పత్రాల్లోనే సమానంగా నడిచింది, కనుక అక్కడ తెలుగు మాటే రాయవచ్చు. స్లూయిస్ అన్నచోట తూము రాయవచ్చు. కాని 'స్లూయిస్ నంబర్ 2' అని ఉంటే అది పటంలో ఒక చోటి పేరు, దాన్ని అలాగే ఉంచాలి.

ఈ పరీక్ష పెట్టి తగ్గిస్తే ఖండిక ఇలా తేలుతుంది:

"జాయింట్ సర్వే ప్రకారం ఫుల్ ట్యాంక్ లెవెల్, అంటే మత్తడి అంచు మట్టం వద్ద, వాటర్ స్ప్రెడ్ ఏరియా 42 ఎకరాలు. రికార్డుల్లో శిఖం 38, అందులో శిఖం పట్టా 6. శిఖం బయటి పట్టా 4 ఎకరాలు ఎఫ్.టి.ఎల్. లోపలికి వస్తాయి. మాగ్జిమం వాటర్ లెవెల్ 0.6 మీటర్లు ఎక్కువ. భారీ వానల్లో మరికొంత భూమి తాత్కాలికంగా మునగవచ్చు. ఎఫ్.టి.ఎల్. నుంచి 30 మీటర్ల బఫర్ జోన్ ప్రతిపాదన; అందులో పట్టా హక్కు ఉంటుంది, నిర్మాణానికి అనుమతి ఉండదు. ఆయకట్టు 110 ఎకరాలు. అభ్యంతరాలకు గడువు 15 రోజులు."

ఇందులో 64 మాటలున్నాయి. మూలంలో దాదాపు అరవై శాతం. దీనికంటే తగ్గించాలంటే ఏదో ఒక సంగతిని వదలాలి, మాటలను కాదు. ఆయకట్టు వాక్యాన్ని వదలవచ్చు, ఎందుకంటే అభ్యంతరాలతో దానికి సంబంధం లేదు. ఏ సంగతి వదులుతున్నదీ తెలిసి వదలడం సంక్షిప్తీకరణ. సంగతి ఉందని భ్రమ కలిగించి దాని అంచులు అరగదీయడం వేరే పని. మూడోవంతు నియమం రెండోదానికే దారి తీస్తున్నది. ఉపోద్ఘాతాలు, పునశ్చరణలు ఎక్కువగా ఉన్న ఉపన్యాసాన్ని మూడోవంతుకు తేవడం సులభం. సగానికి సగం కొలతలే ఉన్న పత్రానికి అదే నిష్పత్తి పెట్టడం అన్యాయం.

ఈ సారాంశంపై వచ్చే మొదటి ఆక్షేపణ ముందే ఊహించదగ్గది: మూలంలో కంటే ఇందులో ఆంగ్లం ఎక్కువైందని. చూపుకు అది నిజం. దానికి కారణం రచయిత అభిరుచి కాదు, లెక్క. రికార్డు, మీటరు లాంటి కలిసిపోయిన మాటలను పక్కన పెడితే మూలంలో పారిభాషికమైన ఆంగ్ల పదాలు 19, అంటే నూటికి దాదాపు 18. సారాంశంలో అవి 15కు తగ్గాయి. కాని మొత్తం మాటలు 64కు తగ్గాయి కనుక వాటి పాలు నూటికి 23 అయింది. కరిగేది కరిగిపోగా కరగనిది చిక్కబడుతుంది. అదే సమయంలో అనవసరమైన ఆంగ్ల పదాలు పదమూడు నుంచి సున్నాకు వచ్చాయి. సారాంశాన్ని దిద్దేవారు ఈ రెండో అంకెను చూడాలి. మొదటిదాన్ని చూసి మార్కులు తగ్గిస్తే, విద్యార్థి మరోసారి పారిభాషిక పదాన్ని తీసేసి 'మెయిన్‌గా'ను ఉంచడం నేర్చుకుంటాడు.

పునరుక్తి గురించి తెలుగు శాఖలకు ఉన్న అభ్యంతరం మరింత లోతైనది, కనుక దానికి వివరమైన జవాబు చెప్పాలి. ఒకే మాటను పదేపదే వాడటం కావ్యంలో దోషం. ఆ సంస్కారంతో చదువుకున్నవారు ఎఫ్.టి.ఎల్. అని ఒకసారి రాసి, రెండోసారి నిండుమట్టం అని, మూడోసారి పూర్తి నీటిమట్టం అని మార్చి రాస్తారు. శైలికి అది సొగసుగా తోస్తుంది. నివేదిక చదివేవాడు మాత్రం మూడు పేర్లు చూసి మూడు మట్టాలున్నాయని అనుకుంటాడు. ఈ సంగతి తెలుగు పండితులకు కొత్త కాదు. వాళ్ల సొంత శాస్త్రమైన వ్యాకరణంలో ఇదే నియమం నడుస్తున్నది. చిన్నయసూరి బాలవ్యాకరణం సంజ్ఞా పరిచ్ఛేదంతో మొదలవుతుంది. ద్రుతం, ద్రుతప్రకృతికాలు, కళలు అనే మాటలకు అక్కడ ఇచ్చిన అర్థమే తర్వాతి సూత్రాలన్నిటిలో అమలవుతుంది. సంధి పరిచ్ఛేదాన్ని సంక్షిప్తీకరించమంటే ఏ ఆచార్యుడూ కళలు అన్నచోట 'శిల్పాలు' అని రాయనివ్వడు. పునరుక్తి అవుతుందని ఆమ్రేడితాన్ని ఒకచోట 'రెండోసారి పలికినది' అని, మరోచోట 'జంట మాట' అని మార్చనివ్వడు. సంస్కృతం నుంచి వచ్చిన పరిభాషకు ఇచ్చిన మర్యాదను ఆంగ్లం నుంచి వచ్చిన పరిభాషకు నిరాకరించడానికి భాషాశాస్త్రపరమైన కారణం లేదు. ఉన్నది మూలభాష మీద అభిప్రాయమే.

తెలుగులో పదాలు పుట్టించకపోతే తెలుగు ఎప్పుడు ఎదుగుతుందన్నది చివరి ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే. కాని దానికి జవాబు వెతకవలసిన చోటు సారాంశం కాదు. 1968లో తెలుగు అకాడమి ఏర్పడినప్పటి నుంచి పదకోశాల పని ఒక సంస్థ పనిగా సాగింది. అక్కడ విషయ నిపుణుడూ భాషా నిపుణుడూ కూర్చుని, ఒక పదానికి ఒక పదాన్ని కట్టి, పాఠ్యపుస్తకం నిండా దాన్నే వాడతారు. పాఠకుడికి నిర్వచనం, ఉదాహరణ, పట్టిక అన్నీ ఉంటాయి. సారాంశంలో అవేవీ ఉండవు. అక్కడ వాడిన కొత్త పదానికి ఆధారం ఆ వాక్యమొక్కటే, ఆ వాక్యాన్నీ కుదించి ఉంటారు.

ఇదే నేలమీద జరిగిన పెద్ద ప్రయత్నాన్ని కూడా మరవరాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలు కావడానికి ముందే, 1917లో, హైదరాబాదులో అనువాద శాఖను నెలకొల్పారు. వైద్యం, ఇంజనీరింగు దాకా ఉర్దూలో పరిభాష తయారైంది. ఆ శ్రమ చిన్నది కాదు. కాని బోధనా మాధ్యమం మారాక ఆ పాఠ్యపుస్తకాల పదాల్లో చాలా భాగం ఈ ప్రాంతపు వాడుకలో నిలవలేదు. అదే రాజ్యం రెవెన్యూ లెక్కల్లో రాసుకున్న శిఖం, పట్టా, తరి, ఖుష్కీ మాత్రం సిద్దిపేట రైతు నోట ఇవాళ్టికీ ఉన్నాయి. వాటిని ఎవరూ అందంగా ఉన్నాయని కాపాడలేదు. ఆ పదంతోనే భూమి లెక్క రాశారు, ఆ పదంతోనే పన్ను కట్టారు, ఆ పదంతోనే తగవు తీర్చారు. ఎఫ్.టి.ఎల్. ఇప్పుడు ఆ దారిలోనే పోతున్నది. చెరువు పక్కన భూమి ఉన్న రైతుకు ఆ మూడక్షరాలు తెలుసు. తెలియని రైతుకు 'మత్తడి అంచు మట్టం' అన్న ఒక్క వివరణ చాలు. ఆ వివరణను పదం పక్కన ఉంచాలి గాని పదం స్థానంలో కాదు. అందుకే మంచి సారాంశంలో తొలిసారి పూర్తి పదమూ వివరణా, తర్వాత పొడి అక్షరాలూ వచ్చాయి.

చెరువుల నుంచి పెద్ద జలాశయాలకు వచ్చినా సమస్య ఇదే. జిల్లాలోని రంగనాయక సాగర్ 3, కొండపోచమ్మ సాగర్ 15, మల్లన్న సాగర్ 50 టి.ఎం.సి.ల జలాశయాలని చెప్పే అంకెలు గ్రాస్ స్టోరేజివి. తూము మట్టానికి దిగువన ఉండి కాలువకు పారని నీరు డెడ్ స్టోరేజి. అది పోగా మిగిలేది లైవ్ స్టోరేజి. 'గ్రాస్' అనే ఒక్క మాట భారమనిపించి 'నీటి నిల్వ 50 టి.ఎం.సి.లు' అని కుదిస్తే, తర్వాతివాడు దాన్ని 'సాగుకు 50 టి.ఎం.సి.ల నీరు' అని ఇంకా కుదిస్తాడు. తప్పు రెండోవాడి వాక్యంలో కనిపిస్తుంది, పుట్టింది మొదటివాడి వాక్యంలో.

తప్పును పట్టుకునే పద్ధతి కష్టమైంది కాదు. సారాంశాన్ని మాత్రమే మూలం చూడని మరొకరికి ఇచ్చి, ఒక కాగితం మీద చెరువు బొమ్మ గీయమనాలి: మత్తడి ఎక్కడ, నీరు ఎక్కడిదాకా, 30 మీటర్ల పట్టీ ఏ గీత నుంచి, పట్టా భూములు ఏ గీతకు లోపల. 36 మాటల సారాంశంతో రెండు గీతలు కూడా గీయలేరు. 64 మాటలదానితో ఎఫ్.టి.ఎల్. గీత, దాని లోపల శిఖం గీత, బయట బఫర్ జోన్ గీత, రెండు మొదటి గీతల మధ్య నాలుగెకరాలు వస్తాయి. ఎఫ్.టి.ఎల్. పైన వరద నీరు లేచే మట్టం 0.6 మీటర్లని పక్కన రాయగలరు గాని, దాన్ని నేలమీద గీతగా గీయలేరు. ఎంత భూమి మునుగుతుందో మూలమే చెప్పలేదు. ఆ గీత ఖాళీగా మిగలడం కూడా సారాంశం సరిగా ఉందనడానికి గుర్తే. మూడోవంతు, సొంత మాటలు అనే రెండు నియమాలకు బదులు ప్రశ్నపత్రంలో ఈ బొమ్మను అడిగితే, ఆ నాలుగెకరాలు జవాబుపత్రంలో ఉన్నాయో లేవో దిద్దేవారికి ఒక్క చూపులో తెలుస్తుంది.